కూర్చునే మనిషిని ఎక్కడ కట్ చేయాలి?

సినిమాలో తండ్రి పాత్ర వరండాలోకి వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. వచ్చేటప్పుడు ఇల్లూ వాకిలీ కనపడాలి కాబట్టి లాంగ్ షాట్ తీశారు. కూర్చున్నాక ఆయన చెప్పబోయే మాట ముఖ్యం కాబట్టి నడుము దాకా కనిపించే మిడ్ షాట్ తీశారు. రెంటికీ మధ్య కెమెరా జరిగింది, లైట్లు మారాయి, నటుడు టీ తాగి వచ్చాడు. తెర మీద మాత్రం ఆయన ఒక్కసారే కూర్చోవాలి, కెమెరా మారిందన్న సంగతి ప్రేక్షకుడికి తట్టకూడదు. ఈ పనికి ఎడిటర్లు ఎక్కువగా నమ్ముకునేది కదలిక మధ్యలో కట్ చేయడాన్ని. దీన్నే యాక్షన్ కట్ అంటారు.

సినిమా పుట్టిన తొలి ఏళ్లలో ఈ పద్ధతి ఇంకా స్థిరపడలేదు. ఎడ్విన్ ఎస్. పోర్టర్ 1903లో తీసిన ‘లైఫ్ ఆఫ్ యాన్ అమెరికన్ ఫైర్‌మ్యాన్’లో అగ్నిమాపక సిబ్బంది తల్లీబిడ్డలను కాపాడే ఘట్టం ముందు గది లోపలి నుంచి పూర్తిగా కనిపిస్తుంది. తర్వాత అదే ఘట్టం వీధిలోంచి మళ్లీ మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంది. సగం పని ఒక షాట్‌లో, మిగతా సగం మరో షాట్‌లో చూపినా జనం దాన్ని ఒకే పనిగా చూస్తారన్న నమ్మకం ఆ తర్వాతే కుదిరింది.

జనం అలా ఎందుకు చూస్తారంటే, కదిలే వస్తువు మన కంటిని పట్టేసుకుంటుంది. మనిషి వంగడం మొదలుపెట్టగానే చూపు ఆయన తలను అనుసరిస్తుంది, మనసు ఆ కదలిక ఎక్కడ ఆగుతుందో ముందే ఊహిస్తుంది. సరిగ్గా ఆ సమయంలో షాట్ మారితే, కొత్త బొమ్మలో మనం వెతికేది ఆ కదలిక మిగిలిన భాగాన్ని. అది దొరికితే చాలు, బొమ్మ మారిందన్న సంగతి మీదికి ధ్యాస పోదు. టిమ్ స్మిత్, జాన్ హెండర్సన్ అనే పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో, కట్ కనపడినప్పుడల్లా మీట నొక్కమని ప్రేక్షకులకు చెప్పారు. కట్‌ల కోసమే కళ్లు పెట్టుకుని చూసినా, కదలిక మధ్యలో పడ్డ కట్‌లలో సుమారు మూడో వంతు వాళ్లకు చిక్కలేదు.

ఇప్పుడు మన తండ్రి దగ్గరికి వద్దాం. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఆయన మోకాళ్లు వంగడం మొదలైనప్పటి నుంచి కుర్చీకి ఆనేదాకా 30 ఫ్రేములు పట్టిందనుకుందాం, అంటే సెకనుంపావు. రెండో ఫ్రేములోనే కట్ చేస్తే ఆయన కూర్చోబోతున్నాడని ప్రేక్షకుడికి ఇంకా తెలియదు. కారణం లేకుండా షాట్ మారినట్లు ఉంటుంది. ఇరవై ఎనిమిదో ఫ్రేములో చేస్తే కొత్త షాట్‌కి రెండు ఫ్రేముల కదలికే మిగులుతుంది. ఒక చిన్న కుదుపు, వెంటనే కదలని మనిషి. కట్ దాగదు సరికదా, ఇంకా ఎత్తిచూపినట్లవుతుంది. మంచి చోటు సాధారణంగా కదలిక ఉద్దేశం తెలిసిపోయి, ఇంకా సగానికి పైగా మిగిలి ఉన్న దగ్గర ఉంటుంది. ఇక్కడైతే పదో ఫ్రేము ప్రాంతంలో. అప్పటికి శరీరం వేగం అందుకుని ఉంటుంది. ఆ వేగంలో బొమ్మ కొద్దిగా అలుక్కుపోతుంది కనుక చేతి వాటంలోనో పంచె మడతలోనో చిన్న తేడాలున్నా కంటికి అందవు.

పదో ఫ్రేములో కట్ చేశాం సరే, మిడ్ షాట్ ఎక్కడ మొదలవ్వాలి? లెక్క ప్రకారం పదకొండో ఫ్రేములో. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు టైమ్‌లైన్ మీద ఒక్కో ఫ్రేమూ జరుపుతూ రెండు భంగిమలను అచ్చంగా కలుపుతారు. ఆపి చూస్తే ముచ్చటగా ఉంటుంది, నడిపిస్తే మాత్రం చాలాసార్లు ఏదో ముక్క ఎగిరిపోయినట్లు అనిపిస్తుంది. షాట్ మారగానే చూపు కొత్త చోట కుదురుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఆ లోపు గడిచిన ఫ్రేములు ప్రేక్షకుడికి లేనట్లే. ఎడిటర్‌గా చాలా ఏళ్లు పనిచేసి తర్వాత దర్శకుడైన ఎడ్వర్డ్ డిమిట్రిక్, 1984 నాటి తన పుస్తకంలో దీనికి చెప్పిన మందు, మూడు నుంచి ఐదు ఫ్రేముల కదలికను రెండో షాట్‌లో మళ్లీ చూపడం. మన లెక్కలో మిడ్ షాట్‌ను ఎనిమిదో ఫ్రేము నుంచి మొదలుపెట్టాలన్నమాట. కాగితం మీద అది తప్పు, కంటికి అదే నిజం. హద్దు దాటి పది ఫ్రేములు కలిపితే తండ్రి రెండుసార్లు కూర్చుంటాడు. సెల్‌ఫోన్‌లో సెకనుకు 60 ఫ్రేములతో తీసేవాళ్లు మూడు అనే అంకెను పట్టుకోకూడదు. 24లో మూడు ఫ్రేములంటే సెకనులో ఎనిమిదో వంతు, 60లో అదే కాలానికి ఏడెనిమిది ఫ్రేములవుతాయి.

ఈ ఉదాహరణలో ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది షూటింగ్ రోజు తలచుకోరు. మిడ్ షాట్‌ను కూర్చున్న మనిషి ఎత్తుకు పెట్టి ఉంటారు. కాబట్టి ఎనిమిదో ఫ్రేములో ఆయన తల ఇంకా బొమ్మకు పైన ఉంటుంది, తెర మీద ఉన్నది ఛాతీ, కుర్చీ వీపు. తలను అనుసరిస్తున్న చూపుకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అప్పుడు తల పైఅంచు లోపలికి దిగేదాకా, పద్నాలుగో పదిహేనో ఫ్రేము దాకా, కట్‌ను వెనక్కి జరపక తప్పదు. అంతకన్నా మేలైన పని కెమెరామన్ చేయగలడు: కొంచెం ఎత్తు నుంచి మొదలుపెట్టి నటుడితోపాటు కెమెరాను కిందికి వంచడం. లాంగ్ షాట్‌లో తల తెరకు ఎడమ వైపుంటే మిడ్ షాట్‌లోనూ ఇంచుమించు అటే దిగాలి. కుడి పక్కన దిగితే ఎన్ని ఫ్రేములు సవరించినా జర్క్ పోదు.

ఇవన్నీ కుదిరినా కట్ కొట్టొచ్చినట్లు కనపడుతుంటే వేగం చూడండి. మొదటి టేక్‌లో విసురుగా కూర్చున్న నటుడు, మిడ్ షాట్‌లో డైలాగ్ మీద దృష్టితో మెల్లగా కూర్చుని ఉంటాడు. భంగిమ కలిసినా వేగం కలవదు, కన్ను మన్నించనిది దాన్నే. నా అనుభవంలో చెయ్యి స్థానం తేడా కంటే వేగం తేడా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇలాంటప్పుడు వేరే టేక్ వెతకడమే దారి. రెండు షాట్లూ దాదాపు ఒకే కోణంలో, ఒకే పరిమాణంలో ఉన్నా ఇదే అవస్థ; కోణం కనీసం 30 డిగ్రీలు మారాలన్న పాత నియమం అందుకే పుట్టింది. కుర్చీ కిర్రుమనే చప్పుడు ఉంటే దాన్ని కట్‌కి కాస్త ముందు మొదలుపెట్టి అవతలికి సాగనివ్వండి. శబ్దం తెగకపోతే బొమ్మ తెగిందని చెవి ఒప్పుకోదు.

సరిచూసుకోవడం కట్ దగ్గర ఆపి కాదు. ఐదారు సెకన్లు వెనక్కి వెళ్లి, మామూలు వేగంలో, తండ్రి ముఖం చూస్తూ నడిపించాలి. ఒకసారి శబ్దం తీసేసి కూడా చూడాలి, ఎందుకంటే సంగీతం చాలా లోపాలను కప్పేస్తుంది.

అయినా ఈ నునుపు కోసం నటనను బలిపెట్టనక్కర్లేదు. ‘అపోకలిప్స్ నౌ’ ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ మంచి కట్‌కి ఆరు కొలతలు చెప్పి, భావోద్వేగానికి 51 శాతం ఇచ్చాడు. మనుషులూ వస్తువులూ ఉన్న చోటు కచ్చితంగా కలవడానికి ఇచ్చింది నాలుగు శాతమే. మిడ్ షాట్‌లో తండ్రి కళ్లలో బాధ పలికిన టేక్ ఒకటే ఉండి, అందులో చెయ్యి వేరే చోట ఉంటే ఆ టేకే వాడాలి.

షార్ట్ ఫిల్మ్ తీసే మిత్రులకు ఒక్క విన్నపం. మిడ్ షాట్ తీసేటప్పుడు నటుణ్ని కుర్చీలో కూర్చోబెట్టి యాక్షన్ చెప్పకండి. నిలబడ్డ దగ్గర నుంచి మొత్తం మళ్లీ చేయించండి, లాంగ్ షాట్‌ను కూడా ఆయన పూర్తిగా కూర్చుని స్థిరపడేదాకా నడపండి. రెండు షాట్లలోనూ ఆ కదలిక మొత్తం ఉంటేనే ఎడిటర్ చేతిలో ఎంచుకోవడానికి ముప్పై ఫ్రేములుంటాయి.