ముప్పై డిగ్రీల దగ్గర మోకాలు

పరుగు మొదలుపెట్టినప్పుడు ఏమీ ఉండదు. మూడో కిలోమీటరో నాలుగోదో దాటాక మోకాలి బయటివైపు, వేలు పెట్టి చూపించగలిగినంత చోట సలుపు మొదలవుతుంది. కాసేపటికే అది మంటగా, ఆ తర్వాత పోటుగా మారి మనిషిని నిలబెట్టేస్తుంది. ఆగి నడిస్తే తగ్గుతుంది. తగ్గింది కదా అని మళ్లీ పరుగందుకుంటే నాలుగడుగులు వేయకముందే తిరిగొస్తుంది. ఇంటికొచ్చాక మెట్లు ఎక్కడం కంటే దిగడమే కష్టంగా ఉంటుంది. మర్నాడు ఆఫీసుకు మామూలుగా నడిచి వెళ్తుంటే అసలు నొప్పి వచ్చిందా అన్న అనుమానం కలుగుతుంది. వారం ఆగి మళ్లీ బూట్లు కట్టుకుంటే, దాదాపు అదే దూరం దగ్గర అదే నొప్పి.

డాక్టర్లు దీన్ని ఇలియోటిబియల్ బ్యాండ్ సిండ్రోమ్ అంటారు. రన్నర్లు, సైక్లిస్టులు పొట్టిగా ఐటీ బ్యాండ్ నొప్పి అంటారు. ఐటీ బ్యాండ్ అనేది తొడ బయటివైపు తుంటి నుంచి మోకాలి కిందిదాకా దిగే వెడల్పాటి, గట్టి పొర. పైన పిరుదు కండరమూ తుంటి ముందువైపున్న ఓ చిన్న కండరమూ దాన్ని పట్టి లాగుతుంటాయి. కింద అది మోకాలు దాటి, కాలి ఎముక మీదున్న చిన్న బుడిపెకు అతుక్కుంటుంది. ఒంటికాలి మీద నిలబడ్డప్పుడు నడుము పక్కకు ఒరిగిపోకుండా ఆపే పనిలో దీనికీ వాటా ఉంది. పరుగంటే ఒంటికాలి మీద నిలబడటమే కదా, కాలు మార్చి కాలు.

1975లో అమెరికా నౌకాదళ వైద్యుడు జేమ్స్ రెన్నే, శిక్షణలో ఉన్న మెరైన్ సైనికుల్లో ఈ నొప్పిని గమనించి వైద్య పత్రికలో వివరించారు. తొడ ఎముక కింది చివర బయటివైపు ఒక ఉబ్బు ఉంటుంది. మోకాలు ముడుచుకుని సాగిన ప్రతిసారీ ఐటీ బ్యాండ్ ఆ ఉబ్బు మీదుగా ముందుకూ వెనక్కూ జారుతూ, గిలక మీద చేంతాడులా ఒరుసుకుంటుందని అప్పటి ఊహ. అందుకే ఆ జబ్బు పేరులో ‘ఫ్రిక్షన్’ అనే మాట చేరింది. మూడు దశాబ్దాల పాటు అందరూ అదే నమ్మారు. 2006లో బ్రిటన్‌కు చెందిన జాన్ ఫెయిర్‌క్లఫ్ బృందం భౌతికకాయాలను కోసి, ఎంఆర్‌ఐ తీసి చూస్తే వేరే బొమ్మ కనిపించింది. బ్యాండ్ అసలు స్వేచ్ఛగా జారే స్థితిలోనే లేదు. గట్టి నారలు దాన్ని తొడ ఎముకకు కట్టిపడేసి ఉంచాయి. మోకాలు వంగేకొద్దీ బ్యాండ్‌లో ముందువైపు నారల నుంచి వెనకవైపు నారలకు బిగువు మారుతుంది. పైనుంచి చూసేవారికి అదే జారినట్టు కనిపిస్తుంది. బ్యాండ్‌కూ ఎముకకూ నడుమ ఉన్న కొవ్వు పొరలో నరాల కొసలు దండిగా ఉన్నాయి. బాధ పెట్టేది రాపిడి కంటే ఆ కొవ్వు పదేపదే నలగడమే అని వారి వాదన. ఇప్పుడు చాలామంది నిపుణులు ఆ వైపే మొగ్గుతున్నారు.

నలిగేది ఎప్పుడు? ఇక్కడే అసలు కిటుకు ఉంది. కాలు నిటారుగా ఉన్నప్పుడు కాదు, బాగా ముడిచినప్పుడూ కాదు. మోకాలు సుమారు 30 డిగ్రీలు వంగిన చోట బ్యాండ్ ఎముకను గట్టిగా ఒత్తుతుంది. పరుగులో పాదం నేలను తాకాక ఒంటి బరువు కాలి మీద పడే వేళకు మోకాలు సరిగ్గా ఆ కోణంలోనే ఉంటుందని 1996లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ ఆర్చర్డ్, ఆయన సహచరులు చూపించారు. ఈ నొప్పి వింత ప్రవర్తన అంతా అక్కడి నుంచే పుడుతుంది. దిగుడులో పరుగెత్తేటప్పుడు కాలు ఇంకాస్త నిటారుగా నేలకు తగులుతుంది కాబట్టి మోకాలు ఆ చెడ్డ కోణంలో ఎక్కువసేపు గడుపుతుంది. నెమ్మదిగా సాగే జాగింగ్‌లోనూ అంతే. వేగంగా పరుగెత్తితే పాదం ఆనేసరికే మోకాలు 30 డిగ్రీలు దాటి వంగి ఉంటుంది. అంటే ఈ నొప్పి ఉన్నవాడికి చదును నేల మీద పొట్టి, వేగమైన పరుగు కంటే తాపీగా చేసే లాంగ్ రన్నే ప్రమాదం. చాలామంది సరిగ్గా తిరగేసి చేస్తారు. నొప్పి వచ్చిందని వేగం తగ్గించి, దూరాన్ని మాత్రం వదలరు.

డాక్టర్లు చేసే పరీక్ష కూడా ఈ కోణం మీదే ఆధారపడింది. పడుకోబెట్టి, మోకాలు 90 డిగ్రీలు మడిచి, ఆ ఉబ్బు మీద బొటనవేలితో ఒత్తుతూ కాలును మెల్లగా చాపుతారు. 30 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ‘అదే, అదే నొప్పి’ అని మనిషి అరిస్తే సంగతి దాదాపు తేలిపోయినట్టే, స్కాన్‌తో పని పడటం తక్కువ. నొప్పి ఇంకాస్త కిందికి, రెండు ఎముకలు కలిసే గీత మీద ఉన్నా, మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినా, మెలితిరిగిన ఒక్క క్షణంలో మొదలైనా అది ఐటీ బ్యాండ్ కాకపోవచ్చు. లోపలి మెత్తటి ‘మెనిస్కస్’ చిరిగిందేమో చూపించుకోవాలి. రాత్రి పడుకున్నా వదలని నొప్పినీ ఇంట్లో పెట్టుకోకూడదు.

ఇక ఫోమ్ రోలర్. తొడ బయటివైపు దాన్ని దొర్లిస్తూ, పళ్లు బిగబట్టి కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు ప్రతి రన్నింగ్ గ్రూపులోనూ కనిపిస్తారు. పాపం, ఆ బాధకు తగ్గ ఫలితం లేదు. ఈ పొరను ఒక్క శాతం నొక్కాలన్నా మనిషి చేతులు పెట్టగలిగినదాన్ని మించిన బలం కావాలని 2008లో వచ్చిన ఒక గణిత నమూనా తేల్చింది. సాగదీసి పొడవు పెంచడం కుదిరే పని కాదు. పైగా నలిగి మండుతున్న చోటే మళ్లీ నలపడం అవుతుంది. రోలర్ వాడాలనిపిస్తే పిరుదు మీద, తొడ ముందువైపు కండరాల మీద వాడుకోవచ్చు. మోకాలి దగ్గరికి మాత్రం రానివ్వకూడదు.

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు ఎక్కువ. దానికి సిద్ధమవుతున్న ఒక మామూలు రన్నర్‌ను ఊహించుకుందాం. వారానికి 25 కిలోమీటర్ల నుంచి నెల తిరక్కుండానే 40కి వెళ్లాడు. పోటీలో అలవాటు కావాలని ఆదివారం పొద్దున్నే ఫ్లైఓవర్ ఎక్కుతూ దిగుతూ సాధన చేశాడు. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల వేగం, నిమిషానికి 160 అడుగులు. పది కిలోమీటర్లకు 65 నిమిషాలు, అంటే ఒక్కో మోకాలు ఆ చెడ్డ కోణం గుండా 5,200 సార్లు వెళ్తుంది. కండరం బలపడటానికి వారాలు పడుతుంది, దూరం మాత్రం ఒక్క ఆదివారంలో పెరిగిపోయింది. నాలుగో కిలోమీటరు దగ్గర నొప్పి పట్టుకుంది.

అతను మొదట మానాల్సింది దిగుడునూ లాంగ్ రన్‌నూ. నడిస్తేనే నొప్పి ఉంటే కొద్ది రోజులు పరుగు పూర్తిగా ఆపాలి. నడక హాయిగా ఉంటే రోజు విడిచి రోజు, చదును నేల మీద, ఒక నిమిషం చురుకైన పరుగు, ఒక నిమిషం నడకగా మొదలుపెట్టవచ్చు. మొత్తం దూరం నొప్పి మొదలయ్యే చోటికి బాగా ముందే ముగియాలి. అతని విషయంలో రెండు కిలోమీటర్లు చాలు. నొప్పి లేకుండా రెండు మూడు సార్లు గడిస్తే కొంచెం పెంచాలి, మూడు నాలుగు వారాల్లో మెల్లగా వరుస పరుగులోకి రావాలి. ఫ్లైఓవర్లు అన్నిటికన్నా చివర. నొప్పి ఎదురైన క్షణంలో ఆగి నడిచి వచ్చేయాలి, ‘ఇంకొక్క కిలోమీటరే’ అనుకుంటే వారం పని వృథా.

రెండోది అడుగు. 160ని 168-170కి పెంచితే, అంటే ఐదారు శాతం, అదే వేగంలో అడుగు పొట్టిదవుతుంది. పాదం శరీరానికి మరీ ముందు కాకుండా దగ్గరగా పడుతుంది, ఒక్కో అడుగుకు మోకాలి మీద పడే భారం తగ్గుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ టిక్కు పెట్టుకుంటే కొద్ది పరుగుల్లో అలవాటవుతుంది. రెండు పాదాలూ ఒకే గీత మీద పడేలా పరుగెత్తేవాళ్లు వాటి మధ్య కాస్త ఎడం ఉంచినా బ్యాండ్ మీద బిగువు తగ్గుతుంది.

మూడోది తుంటి. స్టాన్‌ఫర్డ్‌లో మైఖేల్ ఫ్రెడరిక్సన్ బృందం 2000లో ఈ నొప్పి ఉన్న 24 మంది దూర పరుగు రన్నర్లను పరీక్షిస్తే, నొప్పి ఉన్న వైపు తుంటి పక్క కండరాలు బలహీనంగా కనిపించాయి. ఆరు వారాల వ్యాయామం తర్వాత 22 మంది నొప్పి లేకుండా మళ్లీ పరుగెత్తారు. పోల్చి చూడటానికి వ్యాయామం చేయని మరో గుంపు ఆ అధ్యయనంలో లేదు, కాబట్టి కొంత మేలు కాలం చేసిందే కావచ్చు. బలహీనత కారణమో పర్యవసానమో కూడా ఇంకా తేలలేదు. అయినా ఈ వ్యాయామాలకు ఖర్చు లేదు, నష్టం లేదు. గోడకు వీపు, మడమ ఆనించి పక్కకు పడుకుని, పై కాలును గోడ వెంబడే జారుస్తూ 30 డిగ్రీలు లేపి దించడం ఒకటి. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి, మోకాలు వంచకుండా రెండో వైపు నడుమును కిందికి జార్చి మళ్లీ పైకి తేవడం ఇంకోటి. పదిహేనుతో మొదలుపెట్టి వారాల్లో ముప్పై చొప్పున మూడు విడతల దాకా వెళ్లవచ్చు. కాలు లేపేటప్పుడు తొడ ముందుకు జరిగితే పని చేస్తున్నది పిరుదు కాదని గుర్తు, గోడ అందుకే.

సైక్లిస్టు సంగతి కొంచెం వేరు. పెడల్ మీద దెబ్బ లేదు, ఒంటి బరువు లేదు. మోకాలు ఆ కోణంలో గడిపే సమయం కూడా పరుగులో కంటే తక్కువ. కానీ నిమిషానికి 85 తిప్పులంటే గంటకు 5,100. 200 కిలోమీటర్ల బ్రెవేకు గడువు పదమూడున్నర గంటలు. దారిలో ఎనిమిది గంటలు తొక్కినా ఒక్కో మోకాలికి నలభై వేలు దాటుతుంది. రన్నర్ విషయంలో తప్పు చాలాసార్లు సాధనలో ఉంటుంది, సైక్లిస్టు విషయంలో ముందు అనుమానించాల్సింది సైకిల్‌నే.

సీటు ఎత్తుగా ఉంటే పెడల్ అడుగుకు చేరేసరికి కాలు మరీ చాచుకుంటుంది, ప్రతి తిప్పులోనూ 30 డిగ్రీల గుండా రెండుసార్లు వెళ్లి రావాల్సిందే. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఫిట్టింగ్ చేసేవాళ్ల వాడుక. ఈ నొప్పి ఉన్నవాళ్లు 35కి దగ్గరగా ఉంచుకోవడం మేలు. టూర్ డి ఫ్రాన్స్ మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరుతో ప్రచారమైన లెక్క ఒకటుంది: కాళ్ల సందు నుంచి నేలదాకా కొలతను 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు తిరిగే చోటు నుంచి సీటు పైదాకా ఎత్తు వస్తుంది. 82 సెంటీమీటర్లున్నవారికి 72.4. అది మొదలుపెట్టడానికి మాత్రమే. అక్కడి నుంచి మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల చొప్పున దించి, ప్రతి మార్పు తర్వాత రెండు మూడు రైడ్‌లు పొట్టివే చేసి చూడాలి. ఒకేసారి రెండు సెంటీమీటర్లు దించేస్తే నొప్పి మోకాలి ముందువైపుకు మారే ప్రమాదం ఉంది. సీటు మరీ వెనక్కి ఉన్నా కాలు చాచుకోక తప్పదు.

క్లీట్ బూట్లు వాడేవాళ్లు పాదం ఏ వైపు తిరిగి ఉందో చూసుకోవాలి. మామూలుగా నిలబడితే వేళ్లు కాస్త బయటికి తిరిగే మనిషికి క్లీట్ పాదాన్ని లోపలికి తిప్పి బిగిస్తే, కాలి ఎముక కూడా లోపలికి తిరిగి బ్యాండ్‌ను లాగుతుంది. బల్ల మీద కూర్చుని కాళ్లు వేలాడదీస్తే పాదాలు ఏ వాటంలో నిలుస్తాయో క్లీట్‌ను ఆ వాటానికి తిప్పి, పాదం కొన్ని డిగ్రీలు అటూ ఇటూ ఆడనిచ్చే రకం బిగించుకోవాలి. ఒక మోకాలికే నొప్పి ఉంటే ముందు ఆ వైపు క్లీట్‌ను, రెండో దానితో పోల్చి చూడాలి. కొత్త బూట్లు, కొత్త క్లీట్లు వేసుకుని నేరుగా బ్రెవేకు దిగినవాళ్లు ఈ పోలికను ఇంటి దగ్గరే చేసుకోవాల్సింది.