బకెట్ వేడినీళ్ల ఖరీదెంత?

గ్యాస్ గీజర్ చవకా, కరెంటుదా అన్న ప్రశ్నకు జవాబు మీ కరెంటు బిల్లులోనే ఉంది. దాన్ని రాబట్టాలంటే ముందు ఒక్క స్నానం లెక్క వేసుకోవాలి.

మనిషికి 20 లీటర్ల బకెట్ అనుకుందాం. చలికాలంలో 20 డిగ్రీలున్న ట్యాంకు నీళ్లను 40 డిగ్రీలకు తేవాలంటే 0.47 యూనిట్ల వేడి కావాలి. ఏ గీజరైనా ఆ మేరకు ఇవ్వాల్సిందే.

కిలో వంటగ్యాస్ మండితే సుమారు 12.8 యూనిట్ల వేడి పుడుతుంది. అందులో ఐదో వంతు పొగతో పోయిందనుకున్నా, బకెట్‌కు 45 గ్రాములు సరిపోతాయి. మొదట వృథా అయ్యేదీ కలిపి 50 గ్రాములు వేసుకుందాం. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలైతే స్నానానికి 3 రూపాయల 20 పైసలు. సిలిండర్‌కు 280 స్నానాలు.

కరెంటు గీజర్‌లో కాయిల్ వేడంతా నీళ్లలోకే వెళ్తుంది. డబ్బు పోయేది స్నానం అయ్యాక. 15 లీటర్ల ట్యాంకు 60 డిగ్రీలకు కాగడానికి 0.7 యూనిట్ పడుతుంది. బకెట్‌కు అందులో 10 లీటర్లు వాడి చన్నీళ్లు కలుపుకుంటాం. మిగిలిన 5 లీటర్లు ఎవరూ వాడకపోతే ఊరికే చల్లారిపోతాయి. అందుకే ఒక్కరు పొద్దున, ఒక్కరు మధ్యాహ్నం, ఒక్కరు రాత్రి స్నానం చేసే ఇంట్లో మనిషికి 0.7 యూనిట్ అవుతుంది. అదే నలుగురూ వరసగా కానిచ్చి, చివరివాళ్లు నీళ్లు పట్టుకునే ముందే స్విచ్ కట్టేస్తే నలుగురికీ కలిపి 2.1 యూనిట్లే, అంటే తలకు సగం యూనిట్‌కు కాస్త పైన.

ఇక యూనిట్ ధర. చాలామంది మొత్తం బిల్లును యూనిట్లతో భాగించి సగటు తీస్తారు. అది సరికాదు. ఫ్యాను, ఫ్రిజ్, మోటారు వాడకం మీద గీజర్ అదనంగా వచ్చి పడుతుంది కాబట్టి దాని యూనిట్లకు మీ బిల్లులోని ఆఖరి శ్లాబు రేటే వర్తిస్తుంది. ఆ రేటు 6 రూపాయలైతే వరస స్నానానికి 3 రూపాయల 15 పైసలు, గ్యాస్‌తో సరిసమానం. 9 రూపాయలైతే 4 రూపాయల 70 పైసలు. విడివిడిగా చేస్తే 6 రూపాయల 30 పైసలు. అక్కడ గ్యాస్ స్పష్టంగా చవక. 6 రూపాయల లోపు శ్లాబులో ఉండి, వరసగా స్నానాలు చేసే ఇంటికి మాత్రం గ్యాస్ గీజర్ కొనడం దండగ.

గ్యాస్ కొనేవారు దాన్ని బాత్‌రూమ్‌లో పెట్టించుకోవద్దు. తలుపులు మూసిన చిన్న గదిలో గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యేసరికే మనిషి కూలబడిపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. గాలాడే బాల్కనీలో బిగించి గొట్టం లోపలికి లాగించాలి. మూడు మీటర్ల గొట్టంలో నిలిచేది అర లీటరు నీళ్లు. అవి చల్లారినందువల్ల స్నానానికి పెరిగే ఖర్చు పది పైసలు కూడా ఉండదు.