బుడగలో పట్టే తెలుగు

జపాన్ కామిక్స్‌లో మాటల బుడగలు నిలువుగా, సన్నగా ఉంటాయి. అక్కడి రాత పైనుంచి కిందికి సాగుతుంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది లేదు. అదే బుడగలో తెలుగు రాయబోతే ‘చెప్పలేకపోతున్నాను’ అన్న ఒక్క మాటే రెండు పక్కలా అంచులు దాటేస్తుంది. ఇంగ్లిష్ కామిక్స్ బుడగలు కాస్త వెడల్పుగా ఉన్నా, వాటితో ఇంకో చిక్కు. వాటిలో సాధారణంగా అన్నీ పెద్దక్షరాలే. కిందికి దిగే తోకలు దాదాపు ఉండవు కాబట్టి వరసలను దగ్గర దగ్గరగా పేర్చేయవచ్చు. తెలుగు అక్షరానికి పైన గుడులు, ఎత్వాలు, కింద వత్తులు. నాలుగు వరసలు పట్టిన చోట మనకు మూడు పట్టడమే కష్టం.

అక్షరాలు చిన్నవి చేయడం అందరికీ ముందు తోచే ఉపాయం. అలా చేస్తే వత్తులు కలిసిపోయి నల్లని మరకల్లా కనిపిస్తాయి. తగ్గించాల్సింది మాటలను.

ఒక బొమ్మ తీసుకుందాం. దొంగల నాయకుడి ఎదుట కట్టేసి ఉన్న కుర్రాడు. చిన్న గుండ్రటి బుడగ. అందులో తాను ఏమీ చెప్పబోనని ఇంగ్లిష్‌లో ఏడు మాటల వాక్యం, ఒక మాట లావుగా. ఉన్నదున్నట్టు తెస్తే ‘నేను నీకు ఏమీ చెప్పబోవడం లేదు!’ అవుతుంది. ‘చెప్పను’లోనే ‘నేను’ ఉంది, అది పోయింది. కుర్రాడు ఎవరి కళ్లలోకి చూస్తున్నాడో బొమ్మే చూపిస్తోంది, ‘నీకు’ కూడా పోయింది. ‘ఏమీ చెప్పను!’ మిగిలింది. బుడగలో పట్టింది గానీ, ఆ లావు అక్షరాల మొండితనం రాలేదు. తెలుగువాడు మొండికేస్తే అనే మాట ‘చచ్చినా చెప్పను!’ ఇందులో నొక్కు మాటలోనే ఉంది, అక్షరాలను లావు చేయనక్కర్లేదు. ఎదుట ఉన్నది దొంగ కాక ఊరి పెద్దయితే మాత్రం ‘చెప్పనండీ’ అనాలి. జాగా లేదని ‘అండీ’ని కోసేస్తే వాళ్లిద్దరి మధ్య వరసే మారిపోతుంది.

ఇప్పుడు ఆ రెండు మాటలను రెండు వరసలుగా పేర్చాలి. పై వరసలో ‘చ్చి’ వత్తు కిందికి దిగుతుంది, కింది వరసలో ‘చె’ ఎత్వం పైకి లేస్తుంది. వరసల మధ్య ఎడం చాలకపోతే రెండూ గుద్దుకుంటాయి. తెరమీద పెద్దది చేసి చూసినప్పుడు ఇది కంటికి ఆనదు. అచ్చయ్యే కొలతలో ఒక పేజీ తీసి చూస్తేనే బయటపడుతుంది.

శబ్దాల దగ్గర పని ఇంకా ఎక్కువ, ఇంకా సరదా. ఇంగ్లిష్‌లో గుటక వేయడం, నిట్టూర్చడం, ముక్కు ఎగబీల్చడం వంటి పనుల పేర్లనే శబ్దాలుగా రాసేస్తారు. వాటిని తెలుగు లిపిలోకి మార్చి ‘గల్ప్’ అని పెడితే ఇంగ్లిష్ రాని పిల్లవాడికి ఏమీ వినిపించదు. ‘గుటుక్’ అంటే వినిపిస్తుంది. నిద్రపోయేవాడి తలమీద ఇంగ్లిష్ చివరి అక్షరాన్ని వరసగా పేర్చడం అక్కడి అలవాటు, మనకు గురక ఉంది. నీళ్లలో పడేవాటికీ ఒకే శబ్దం కుదరదు. గులకరాయి పడితే ‘బుడుంగ్’, మనిషి జారిపడితే ‘ధబేల్’. ‘మని’, ‘మంటూ’ లాంటి తోకలు కథలో అవసరం, బొమ్మలో బరువు.

గురక దగ్గర ఒక సాంకేతికమైన పేచీ ఉంది. ‘ర్’ను వరసగా మూడుసార్లు టైపు చేస్తే కంప్యూటర్ వాటిని విడిగా ఉంచదు, ఒకదాని కింద ఒకటి వత్తులుగా పేరుస్తుంది. ప్రతి పొల్లు తర్వాతా U+200C అనే కనబడని గుర్తు చేరిస్తేనే ‘గుర్‌ర్‌ర్’ అని నిలుస్తుంది. పేలుడు శబ్దాన్ని వంకరగా, ఎగిరిపడుతున్నట్టు పెట్టేటప్పుడు కూడా అక్షరం మొత్తాన్ని ఒక ముక్కగా తిప్పాలి. ‘ఢమాల్’ అంటే ఢ, మా, ల్ అని మూడు ముక్కలు. గుణింతపు గుర్తునో పొల్లునో విడదీసి తిప్పితే అది తెలుగే కాకుండా పోతుంది.

ఇవన్నీ చేయాలంటే కింద ఉన్న పాత అక్షరాలు పోవాలి. పాత పుస్తకాల్లో శబ్దం బొమ్మలోనే కలిసిపోయి ఉంటుంది. దాన్ని చెరిపి, వెనకున్న గోడనో ఆకాశాన్నో మళ్లీ గీయాలి. ఫ్రెంచ్ చిత్రకారుడు డేవిడ్ రెవోయ్ 2014లో మొదలుపెట్టిన ‘పెప్పర్ అండ్ క్యారట్’లో ఆ బాధ తక్కువ. చిన్న మంత్రగత్తె, ఆమె పిల్లి కథ అది. బొమ్మ ఒక పొరలో, మాటలు వేరే ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలును ఇంక్‌స్కేప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఎవరైనా తమ భాషలో రాసుకోవచ్చు. రచయిత పేరు చెబితే చాలు, లైసెన్సు అడ్డురాదు.

చేయి తిప్పుకోవాలనుకునే తెలుగువాళ్లకు అక్షరాల కొరత కూడా లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన ‘రవిప్రకాశ్’, ‘ధూర్జటి’ వంటి ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. వాటిలో ఏది పెట్టినా ముందు ‘క్ష్మి’, ‘ర్థ్యం’ లాంటివి రాసి చూడాలి. ఆ వత్తులు బుడగ అంచుకు తగలకుండా నిలిచే కొలతే పుస్తకమంతటికీ అక్షరాల కొలత.