నదీతీరం, భూమిపూజ: ఒకచోట దీర్ఘం, ఒకచోట హ్రస్వం

ఓ ఆహ్వానపత్రికలో 'నదితీరాన భూమీపూజ' అని అచ్చయిందనుకుందాం. రెండు మాటల్లోనూ తప్పుంది. 'నదీతీరాన భూమిపూజ' అనాలి.

విడిగా పలికితే నది, భూమి రెండూ హ్రస్వంతోనే ముగుస్తాయి. చిక్కంతా అక్కడే. సంస్కృతంలో మూలరూపాలు నదీ, భూమి. తెలుగులోకి వచ్చేటప్పుడు చివరి దీర్ఘం కురచబడుతుంది. అలాగే సీతా సీత అయింది, గంగా గంగ అయింది. కానీ రెండు సంస్కృత పదాలు సమాసంగా కలిస్తే మొదటిదాని మూలరూపం తిరిగొస్తుంది: సీతాపతి, గంగాజలం, లక్ష్మీపతి. రెండో పదం తెలుగుదైతే ఈ దీర్ఘానికి పని లేదు. అందుకే గంగనీళ్లు.

మరి ఏ ఇకారం పొడవైనదో ఎలా పోల్చుకోవాలి? స్త్రీలింగమైతే చాలు, దీర్ఘమే అనుకోవడం ప్రమాదం. భక్తి, శక్తి, బుద్ధి స్త్రీలింగాలే అయినా మూలంలోనే హ్రస్వాలు. అందుకే భక్తిమార్గం, శక్తిపీఠం.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది 'విద్యార్థీసంఘం'. విద్యార్థీ అనేది సంస్కృతంలో ప్రథమా విభక్తి ఏకవచనం. మూలరూపం విద్యార్థిన్. సమాసంలో చివరి నకారం జారి 'విద్యార్థి' మిగులుతుంది కాబట్టి విద్యార్థిసంఘం, మంత్రిమండలి సరైనవి.

అనుమానమొస్తే నిఘంటువులో సంస్కృత మూలరూపం చూడండి. లేదా అదే పదంతో మొదలయ్యే పాత సమాసం గుర్తుచేసుకోండి. అయితే రెండో పదం హల్లుతో మొదలవ్వాలి. 'నదీశుడు'లో సవర్ణదీర్ఘ సంధి జరిగింది కాబట్టి, అసలు పొడవు ఎంతో అక్కడ తెలియదు.