ఎంట్రోపీ: ఐసు కరిగితే పోయేదేంటి?

థర్మోడైనమిక్స్ సిరీస్‌లో గత ఎపిసోడ్‌లో ఫస్ట్ లా పూర్తి చేశాం. ఎనర్జీ పుట్టదు, పోదు, రూపం మారుతుందంతే. ఆ ఎపిసోడ్ చూసి సెకండియర్ మెకానికల్ స్టూడెంట్ ఒకరు ఇలా అడిగారు: "సార్, ఎనర్జీ ఎక్కడికీ పోనప్పుడు, ఇంజన్‌లో 'లాస్' అని దేన్ని అంటున్నాం?" చాలా మంచి ప్రశ్న. ఈరోజు ఎపిసోడ్ మొత్తం దీనికి జవాబే. దాని కోసం ఒక ఐసు ముక్క తీసుకుందాం.

గ్లాసులో 100 గ్రాముల ఐసు ఉంది, సున్నా డిగ్రీల దగ్గర. గది 30 డిగ్రీలు. కాసేపటికి ఐసంతా కరిగి, సున్నా డిగ్రీల నీళ్లయింది. ప్రస్తుతానికి అక్కడే ఆపుదాం, నీళ్లు వేడెక్కడం తర్వాత చూద్దాం. ఒక గ్రాము ఐసు కరగాలంటే 334 జూల్స్ లేటెంట్ హీట్ కావాలి. అంటే 100 గ్రాములకి 33,400 జూల్స్. గది అంత ఇచ్చింది, ఐసు అంతే తీసుకుంది. ఫస్ట్ లా ప్రకారం లెక్క సరిపోయింది. ఒక్క జూల్ కూడా ఎటూ పోలేదు.

ఇప్పుడు దీన్ని తిరగేసి ఊహించండి. గ్లాసులో సున్నా డిగ్రీల నీళ్లున్నాయి. అవి తమంతట తామే 33,400 జూల్స్ గదికి ఇచ్చేసి ఐసుగా గడ్డకట్టాయి, గది కొద్దిగా వేడెక్కింది. ఇక్కడా ఎనర్జీ లెక్క సరిపోయింది కదా? ఫస్ట్ లాకి ఏ అభ్యంతరమూ లేదు. కానీ 30 డిగ్రీల గదిలో ఇలా జరగడం ఎవరూ చూడలేదు. అంటే ఎనర్జీ లెక్క ఒక్కటే చాలదు, ఇంకో లెక్క కూడా రాయాలి. 1865లో క్లాసియస్ ఆ రెండో లెక్కకి పెట్టిన పేరే ఎంట్రోపీ.

ఫార్ములా మీకు తెలిసిందే:

ΔS = Q/T

టెంపరేచర్ మారకుండా ఉన్నప్పుడు, లోపలికి వచ్చిన హీట్‌ని ఆ టెంపరేచర్‌తో భాగించాలి. T తప్పనిసరిగా కెల్విన్‌లోనే ఉండాలి. చాలామంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు. ఐసు సున్నా డిగ్రీలు కదా అని సెల్సియస్‌లో వేస్తే సున్నాతో భాగించాల్సి వస్తుంది! కాబట్టి ఐసు 273 కెల్విన్, గది 303 కెల్విన్.

ఐసుకి వచ్చింది: 33,400 ని 273 తో భాగిస్తే 122.3. కెల్విన్‌కి ఇన్ని జూల్స్ అన్నది దీని యూనిట్. గదికి పోయింది: 33,400 ని 303 తో భాగిస్తే 110.2. హీట్ రెండు వైపులా ఒకటే. కానీ తక్కువ టెంపరేచర్ ఉన్న వైపు అదే హీట్‌కి ఎంట్రోపీ ఎక్కువ. గది 110.2 పోగొట్టుకుంది, ఐసుకి 122.3 వచ్చింది. మొత్తం మీద 12.1 కొత్తగా పుట్టింది.

సెకండ్ లా చెప్పేది ఇదే. హీట్ ఇచ్చేవాడిని, పుచ్చుకునేవాడిని ఇద్దరినీ కలిపి చూస్తే మొత్తం ఎంట్రోపీ పెరగొచ్చు, లేదా ఐడియల్ కేసులో అలాగే ఉండొచ్చు, కానీ తగ్గదు. ఇందాక తిరగేసిన కథలో ఈ మొత్తం మైనస్ 12.1 వస్తుంది. అందుకే అది జరగదు.

సరే, ఈ 12.1 ఎక్కడ పుట్టింది? ఐసులోనా, గదిలోనా? రెండింట్లోనూ కాదు. ఐసు లోపల అంతా 273, గదిలో అంతా 303 అనుకున్నాం. గ్లాసు గోడకి లోపలి పక్క 273, బయటి పక్క 303. ఆ మధ్యలో, హీట్ 303 నుంచి 273 కి ఊరికే దిగిపోయిన చోట పుట్టింది. "ఊరికే" అన్న మాట గుర్తుపెట్టుకోండి. అసలు విషయం అందులోనే ఉంది.

ఇప్పుడు ఆ గ్లాసు గోడ తీసేసి, దాని స్థానంలో ఒక చిన్న హీట్ ఇంజన్ పెడదాం. గది నుంచి హీట్ తీసుకుంటుంది, కొంత వర్క్ చేస్తుంది, మిగిలిన హీట్‌ని ఐసుకి ఇస్తుంది. ఐసు కరగాలి కాబట్టి దానికి ఇవ్వాల్సింది అదే 33,400 జూల్స్. ఇంజన్ పర్ఫెక్ట్ అనుకోండి, అంటే కొత్తగా ఎంట్రోపీ ఏమీ పుట్టించదు. అప్పుడు ఐసుకి వెళ్లే 122.3 మొత్తం గది నుంచే రావాలి. గది 303 కెల్విన్ దగ్గర ఉంది కాబట్టి, 122.3 ఎంట్రోపీ ఇవ్వాలంటే అది ఇవ్వాల్సిన హీట్ 122.3 ఇంటూ 303, అంటే సుమారు 37,070 జూల్స్. ఐసుకి చేరింది 33,400. తేడా 3,670 జూల్స్ వర్క్‌గా బయటికి వస్తుంది.

3,670 జూల్స్ అంటే ఎంత? పది లీటర్ల నీళ్ల బకెట్‌ని సుమారు 37 మీటర్లు, అంటే దాదాపు పన్నెండు అంతస్తుల ఎత్తుకి చేర్చేంత పని. మామూలుగా గ్లాసులో ఐసు కరిగినప్పుడు ఈ పని మనకి దొరకలేదు. దొరకొచ్చు, కానీ వదిలేశాం. ఇప్పుడు ఒక్క గుణకారం చేయండి. ఇందాక పుట్టిన ఎంట్రోపీ 12.1, దాన్ని గది టెంపరేచర్ 303 తో గుణించండి. మళ్లీ అదే, సుమారు 3,670!

ఇది కాకతాళీయం కాదు. దీన్నే గూయ్-స్టొడోలా థియరం అంటారు. పోగొట్టుకున్న వర్క్ అంటే, పుట్టిన ఎంట్రోపీ ఇంటూ పరిసరాల టెంపరేచర్. ఆ స్టూడెంట్ ప్రశ్నకి జవాబు ఇదే. లాస్ అయ్యింది ఎనర్జీ కాదు, ఆ ఎనర్జీతో పని చేయించుకునే అవకాశం. ఎంట్రోపీ ఆ పోయిన అవకాశానికి కొలత. "డిజార్డర్" అన్న నిర్వచనం ఒక్కటే బట్టీపడితే ఈ సంగతి ఎప్పటికీ కనపడదు.

ఇప్పుడు అసలైన ఇంజన్‌కి వద్దాం. థర్మల్ పవర్ ప్లాంట్. విశాఖ దగ్గర సింహాద్రి ప్లాంట్ వైపు వెళ్తే పెద్ద పెద్ద కూలింగ్ టవర్లు కనిపిస్తాయి. బొగ్గు కాల్చి కష్టపడి తెచ్చిన హీట్‌ని మళ్లీ అక్కడ గాల్లోకి వదిలేయడం ఎందుకు? ఆ హీట్ కూడా వాడుకోవచ్చు కదా అని చాలామందికి అనిపిస్తుంది.

లెక్క వేద్దాం. స్టీమ్ 540 డిగ్రీలు, అంటే 813 కెల్విన్. బయట 303 కెల్విన్. స్టీమ్ నుంచి 1,000 జూల్స్ తీసుకుంటే, దానితో పాటు 1.23 ఎంట్రోపీ ఇంజన్‌లోకి వస్తుంది. ఇంజన్ సైకిల్ మీద తిరుగుతుంది, ప్రతిసారీ మొదటి స్థితికి రావాలి. కాబట్టి వచ్చిన ఎంట్రోపీని లోపల దాచుకోలేదు, బయటికి పంపాలి. షాఫ్ట్ వర్క్‌తో ఎంట్రోపీ వెళ్లదు. హీట్‌తోనే వెళ్తుంది. 303 దగ్గర 1.23 పంపాలంటే కనీసం 373 జూల్స్ హీట్ వదలాలి. మిగిలేది 627. అంటే గరిష్ఠంగా 62.7 శాతం. ఇదే కార్నో ఎఫిషియెన్సీ. కార్నో 1824లోనే ఈ హద్దుని పట్టుకున్నాడు. కూలింగ్ టవర్ డిజైన్ లోపం కాదు, ఎంట్రోపీ బయటికి పోయే తలుపు. దాన్ని మూసేస్తే ప్లాంట్ ఆగిపోతుంది.

మరి ఇలాంటి బొగ్గు ప్లాంట్లలో మామూలుగా వచ్చేది 35 నుంచి 40 శాతమే కదా, మిగతాది ఏమైంది? మళ్లీ ఐసు కథే. బాయిలర్‌లో మంట వాయువులు 1,500 కెల్విన్ దగ్గర ఉన్నాయి అనుకుందాం. స్టీమ్ 813. మంట నుంచి స్టీమ్‌కి 1,000 జూల్స్ ట్యూబుల గోడ గుండా ఊరికే దిగిపోయింది. మంట పోగొట్టుకున్న ఎంట్రోపీ 0.67, స్టీమ్‌కి వచ్చింది 1.23. పుట్టింది 0.56. దాన్ని 303 తో గుణిస్తే సుమారు 170 జూల్స్. టర్బైన్ ఒక్క చుట్టు కూడా తిరగక ముందే 170 జూల్స్ వర్క్ పోయింది! పైగా హీట్ అంతా 813 దగ్గరే వెళ్లదు. బాయిలర్‌లోకి వచ్చే నీళ్లు అంతకంటే చాలా చల్లగా ఉంటాయి, కాబట్టి అసలు లాస్ ఇంకా ఎక్కువ. దాన్ని తగ్గించడానికే ఫీడ్‌వాటర్ హీటర్లు పెడతారు. నీళ్లని ముందే వేడి చేసి పంపితే మంటకి, నీళ్లకి మధ్య తేడా తగ్గుతుంది.

అయితే ఆ తేడా పూర్తిగా తీసేస్తే? అప్పుడు హీట్ కదలదు. తేడా చిన్నదయ్యే కొద్దీ, అదే హీట్ పంపడానికి ట్యూబుల ఏరియా పెంచాలి, లేదంటే ఎక్కువ టైం ఇవ్వాలి. కార్నో ఇంజన్ అందుకే కాగితం మీద పర్ఫెక్ట్, కానీ దాని పవర్ సున్నా. ఇంజనీర్ పని ఎంట్రోపీని సున్నా చేయడం కాదు, ఎక్కడ ఎంత పుట్టడానికి ఒప్పుకోవాలో నిర్ణయించడం.

చివరిగా ఎగ్జామ్‌లో, వైవాలో ఎక్కువగా వచ్చే ఒక డౌట్. "ఎంట్రోపీ ఎప్పుడూ పెరుగుతుందంటారు, మరి ఫ్రిజ్‌లో నీళ్లు ఐసు అవుతుంటే ఎంట్రోపీ తగ్గుతోంది కదా?" అవును, ఆ 100 గ్రాముల నీళ్లకి 122.3 తగ్గుతుంది. తప్పేం లేదు. కానీ గదికి కనీసం అంత చేరాలి. అంటే గదికి 37,070 జూల్స్ వెళ్లాలి, నీళ్ల నుంచి వచ్చేది 33,400 మాత్రమే. మిగతా 3,670 కంప్రెసర్ పెట్టాలి. చూశారా, మనం వదిలేసుకున్న అంకెనే ఇప్పుడు కరెంటు బిల్లులో కడుతున్నాం. నిజానికి ఇంతకంటే చాలా ఎక్కువే కడతాం. ఎందుకంటే ఫ్రీజర్ లోపల సున్నా కాదు, మైనస్ 18 దాకా ఉంటుంది. బయటి కాయిల్ గది కంటే వేడిగా ఉంటుంది. ఫ్రిజ్ వెనకో పక్కనో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది ఆ హీటే.

ఇక హోంవర్క్. ఇందాక సున్నా డిగ్రీల దగ్గర ఆపేశాం కదా. ఆ 100 గ్రాముల నీళ్లు 30 డిగ్రీల దాకా వేడెక్కితే ఇంకా ఎంత ఎంట్రోపీ పుడుతుంది? జాగ్రత్త, ఇప్పుడు నీళ్ల టెంపరేచర్ మారుతూ ఉంటుంది, నేరుగా Q/T వేయకూడదు. ఇంటిగ్రేట్ చేసి ఈ ఫార్ములా వాడండి:

ΔS = m c ln(T2/T1)

గది వైపు మాత్రం 303 తో భాగిస్తే చాలు. కొత్తగా సుమారు 2.2, కరిగినప్పటిది కలిపి మొత్తం 14.3 రావాలి. ఎక్కువ తేడా వస్తే, ముందు కెల్విన్‌లోకి మార్చారో లేదో చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో టి-ఎస్ డయాగ్రామ్ మీద ర్యాంకిన్ సైకిల్ గీసి, ఈ లాసులు ఒక్కొక్కటీ ఎక్కడ కనిపిస్తాయో చూద్దాం. ఉంటాను.