తొమ్మిది వాక్యాల్లో తాళంచెవి

కొన్ని వాక్యాలు నిజమని ఒప్పుకున్నాక మరో వాక్యాన్ని ఒప్పుకోక తప్పదు. ముందుగా ఒప్పుకున్నవి ఆధారవాక్యాలు, ఒప్పుకోక తప్పనిది ముగింపు. ఆధారవాక్యాలన్నీ నిజమై ముగింపు మాత్రం అబద్ధమయ్యే పరిస్థితి ఒక్కటి కూడా లేకపోతే, ఆ వాదన చెల్లుతుందని తర్కశాస్త్రం అంటుంది. తర్కం పొడుపుల్లో చాలావాటికి మూడు పద్ధతులు సరిపోతాయి. మొదటిది, ‘ఇది అయితే అది’ అనే వాక్యంలోని ‘ఇది’ నిజమని తేలినప్పుడు ‘అది’ కూడా నిజమని తేల్చడం. దీనికి లాటిన్‌లో మోడస్ పొనెన్స్ అని పేరు. రెండోది, ఉన్న అవకాశాల్లో కానివాటిని తీసేసి మిగిలినదాన్ని పట్టుకోవడం. మూడోది, ‘అయితే’ వాక్యాలను గొలుసుకట్టుగా కలపడం. ఒక పొడుపును విప్పుతూ పోతే ఈ మూడూ ఎక్కడెక్కడ పనికొస్తాయో తెలుస్తుంది.

ఒక ఇంట్లో ట్రంకుపెట్టె తాళంచెవి కనిపించడం లేదు. దాని గురించి తొమ్మిది సంగతులు తెలుసు.

(1) చెవి గోడగూటిలోనో, నాయనమ్మ చేతిసంచిలోనో, మనవడి చొక్కా జేబులోనో ఉంది. (2) నిన్న సంత జరిగితే నాయనమ్మ సంతకు వెళ్లింది. (3) నాయనమ్మ సంతకు వెళితే చేతిసంచిని పూర్తిగా ఖాళీ చేసింది. (4) చేతిసంచిని ఖాళీ చేసి ఉంటే చెవి ఇప్పుడు అందులో లేదు. (5) ఈ ఉదయం గోడకు సున్నం వేసి ఉంటే చెవి గూటిలో లేదు. (6) చెవి గూటిలో ఉంటే పెట్టెకు తాళం వేసి ఉంది. (7) నిన్న సంత జరిగింది. (8) ఈ ఉదయం గోడకు సున్నం వేశారు. (9) పెట్టెకు తాళం వేసి ఉంది.

ఇలాంటి పొడుపు ముందున్నప్పుడు ‘అయితే’ లేని వాక్యాలను వెతకడం మంచి మొదలు. ‘సంత జరిగితే’ అనే మాట సంత జరిగిందని చెప్పదు. జరిగితే ఏమవుతుందో మాత్రమే చెబుతుంది. అందువల్ల షరతు వాక్యాలు ఎన్ని ఉన్నా, వాటిని కదిలించడానికి షరతు లేని సంగతి ఒకటి కావాలి. ఒకటో వాక్యాన్ని పక్కన పెడితే ఇక్కడ అలాంటివి మూడున్నాయి: ఏడు, ఎనిమిది, తొమ్మిది.

ఏడో వాక్యం సంత జరిగిందంటోంది. రెండో వాక్యంలో ముందుభాగం అచ్చంగా అదే. కాబట్టి నాయనమ్మ సంతకు వెళ్లింది. ఇప్పుడు ఈ కొత్త సంగతి కూడా ఆధారంగా పనికొస్తుంది. దాన్ని మూడోదాని పక్కన పెడితే చేతిసంచి ఖాళీ అయిందని, ఆ ఫలితాన్ని నాలుగోదాని పక్కన పెడితే చెవి సంచిలో లేదని వస్తుంది. ప్రతి అడుగులోనూ చూడవలసింది ఒక్కటే: చేతిలో ఉన్న సంగతి, షరతులోని ముందుభాగం అక్షరాలా ఒకటేనా? సంత జరగడం వేరు, నాయనమ్మ సంతకు వెళ్లడం వేరు. రెండో వాక్యాన్ని వదిలేసి ఏడు నుంచి నేరుగా మూడుకు దూకితే జవాబు మారకపోవచ్చు కానీ, వాదనలో ఒక మెట్టు ఊడిపోయినట్టే.

ఇదే పనిని సంత జరిగిందో లేదో తెలియకముందే చేసి పెట్టుకోవచ్చు. రెండు, మూడు, నాలుగు వాక్యాల్లో ఒకదాని వెనుకభాగం తర్వాతిదానికి ముందుభాగం. మధ్యలోని కొక్కేలు కలిసిపోతే ‘నిన్న సంత జరిగితే చెవి సంచిలో లేదు’ అనే ఒకే షరతు మిగులుతుంది. గొలుసుకట్టు అంటే ఇదే. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ ఈ తరహా వాదనలను పరిశీలించాడు. గొలుసు సిద్ధంగా ఉంటే సంత కబురు అందగానే ఒక్క అడుగులో సంచి సంగతి తేలిపోతుంది.

గూటి సంగతి ఇంకా చిన్నది. ఎనిమిది, అయిదు కలిస్తే చెవి గూటిలో లేదు.

ఇక ఒకటో వాక్యం దగ్గరికి రావాలి. అది మూడు చోట్లు చెప్పింది. వాటిలో సంచి పోయింది, గూడు పోయింది. చెవి మనవడి జేబులో ఉంది. జేబు గురించి ఒక్క వాక్యం కూడా విడిగా ఏమీ చెప్పకపోయినా జవాబు జేబే కావడం ఈ పద్ధతిలోని అందం. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు గ్రీకు తాత్వికుడు క్రిసిప్పస్ పేరుతో ఒక వేటకుక్క కథ ఉంది. దాన్ని సెక్స్టస్ ఎంపిరికస్ నమోదు చేశాడు. తరుముతున్న జంతువు మూడు దారుల్లో ఎటు వెళ్లిందో తెలియక ఆ కుక్క రెండు దారుల్లో వాసన చూస్తుంది. రెండింట్లోనూ వాసన తగలకపోతే, మూడోదాన్ని వాసన చూడకుండానే అటు పరుగెత్తుతుంది. మన న్యాయశాస్త్రంలో ఈ పద్ధతికి పరిశేషమని పేరు. శబ్దం ద్రవ్యమా, గుణమా, కర్మమా అన్న ప్రశ్నలో మొదటిదాన్నీ చివరిదాన్నీ తోసిపుచ్చి, అది గుణమని తేల్చడాన్ని వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో ఉదాహరణగా చూపించాడు.

పరిశేషం బలమంతా మొదటి జాబితాలోనే ఉంది. చెవి మంచం కిందకి జారిపోయే అవకాశం ఉండి, ఒకటో వాక్యం దాన్ని మరిచిపోయి ఉంటే, జేబు వెతికినవాళ్లకు ఏమీ దొరకదు. అప్పుడు కూడా వాదన చెల్లుతూనే ఉంటుంది. నిజం కానిది ఆధారవాక్యం. ఈ తేడా తెలిస్తే తప్పును వెతకడం సులువు. జేబు ఖాళీగా కనిపిస్తే, ముగింపుకు వాడిన ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిది వాక్యాల్లో కనీసం ఒకటి అబద్ధమై తీరాలి. నాయనమ్మ సంతకు వెళ్లలేదేమో, సంచిలో పక్కఅర ఒకటి ఖాళీ కాకుండా మిగిలిపోయిందేమో, ఒక్కొక్కటిగా అడగవచ్చు.

ఆరు, తొమ్మిది వాక్యాలు వాడకుండానే మిగిలిపోయాయి. చాలామంది పొరబడేది వీటి దగ్గరే. ‘చెవి గూటిలో ఉంటే పెట్టెకు తాళం వేసి ఉంది, పెట్టెకు తాళం వేసే ఉంది, కాబట్టి చెవి గూటిలో ఉంది’ అని చటుక్కున అనిపిస్తుంది. చూడటానికి మోడస్ పొనెన్స్‌లాగే ఉంటుంది కానీ, ఇందులో తెలిసిన సంగతి షరతు వెనుకభాగంతో కలిసింది, ముందుభాగంతో కాదు. పెట్టెకు తాళం వేసి, చెవిని జేబులో వేసుకుని మనవడు వెళ్లిపోయినా ఆరు, తొమ్మిది రెండూ నిజమే. చెవి మాత్రం గూటిలో లేదు. ఆధారాలు నిజమై ముగింపు అబద్ధమయ్యే పరిస్థితి ఒకటి దొరికింది గనక ఆ వాదన చెల్లదు. ఏ వాదననైనా అనుమానించినప్పుడు ఇలాంటి ఒక్క పరిస్థితిని ఊహించడానికి ప్రయత్నించడమే అసలైన పరీక్ష.

తెలుగులో ఈ పొరపాటుకు చిన్న అక్షరం ఒకటి కారణమవుతుంది. ఆరో వాక్యం ‘చెవి గూటిలో ఉంటేనే పెట్టెకు తాళం వేసి ఉంటుంది’ అని ఉంటే షరతు దిశ తిరగబడుతుంది. ‘పెట్టెకు తాళం వేసి ఉంటే చెవి గూటిలో ఉన్నట్టే’ అని దాని అర్థం. అప్పుడు తొమ్మిదో వాక్యంతో కలిపి చెవి గూటిలో ఉందని చెల్లుబాటుగా తేల్చవచ్చు. కానీ అయిదు, ఎనిమిది కలిస్తే గూటిలో లేదని వస్తోంది. రెండూ ఒకేసారి నిజం కాలేవు గనక ఆ మార్పుతో తొమ్మిది వాక్యాలూ కలిసి నిలబడలేవు, వాటిలో ఏదో ఒకదాన్ని వదులుకోవాలి. ఉన్న రూపంలో మాత్రం ఆరోది దేనితోనూ గొడవపడదు. చెవి గూటిలో లేనప్పుడు తాళం సంగతి ఏమిటన్నది అది చెప్పడమే లేదు.