ట్యూబ్ మూత మీది 77

షటిల్ కాక్‌ల ట్యూబ్ మూత మీద 76 అనో 77 అనో ఒక అంకె ఉంటుంది. అంకె పెద్దదైతే సరుకు మంచిదనుకుంటారు కొందరు. నాణ్యతకూ దానికీ సంబంధం లేదు. గ్రెయిన్లనే పాత తూకంలో బరువు చెప్పే అంకె అది. 77 గ్రెయిన్లంటే దాదాపు 5 గ్రాములు. 76కీ 77కీ తేడా గ్రాములో పదిహేనో వంతే అయినా, ఒకే దెబ్బకు బరువైనది సుమారు 30 సెంటీమీటర్లు ఎక్కువ దూరం వెళ్తుంది. కొన్ని కంపెనీలు ఇదే వరుసను 1 నుంచి 5 వరకు అంకెలతో చూపిస్తాయి.

ఇన్ని రకాలు ఎందుకంటే, కాక్‌ను ఆపేది గాలి. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్లతో 2023లో గిన్నిస్‌కెక్కింది. అది రాకెట్‌ను వదిలిన క్షణంలోని వేగం. కోర్టు అవతలికి చేరేలోపే గాలి అందులో చాలా భాగం తినేస్తుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, కాబట్టి తక్కువ ఆపుతుంది.

విజయవాడలో డిసెంబరు ఉదయం హాలు లోపల 20 డిగ్రీలుంటే 77 చక్కగా ఆడిందనుకోండి. మే సాయంత్రం అదే హాలులో 38 డిగ్రీలు. గాలి దాదాపు 6 శాతం పలచబడింది. నిన్నటిదాకా గీత లోపల పడిన టాస్‌లు బయటికి పోతాయి. చెయ్యి అదుపు తప్పిందని ఆటగాడు తనను తాను తిట్టుకుంటాడు గానీ, 76 గానీ 75 గానీ తీస్తే సరిపోతుంది. హైదరాబాద్‌లో వేసవి దాకా ఆగక్కర్లేదు. సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడి గాలి ఎప్పుడూ దాదాపు అంతే పలచన. విజయవాడ నుంచి తెచ్చిన ట్యూబ్ అక్కడ చలికాలంలోనూ జోరుగా పోతుంది.

అంకె చూడకుండానే తేల్చుకోవచ్చు. వెనక గీత దగ్గర నిలబడి, పక్క గీతకు సమాంతరంగా, కింది నుంచి పైకి పూర్తి బలంతో కొట్టాలి. అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్లు ఇవతల పడితే అది ఆ హాలుకు సరైన కాక్.

నైలాన్ కాక్‌కు అంకె బదులు రంగు పట్టీ ఉంటుంది: ఆకుపచ్చ నెమ్మది, నీలం మధ్యస్థం, ఎరుపు జోరు. మన ఎండలకు ఆకుపచ్చే నయం. అయితే ఈకల కాక్ ఎగిరే తీరు దీనికి రాదు. పదహారు ఈకలూ ఒకే వైపు రెక్కవి కావడంతో వంపు కలిసి కాక్ తిరుగుతుంది, గట్టిగా కొట్టాక చప్పున వేగం తగ్గి నిటారుగా దిగుతుంది. నైలాన్ పావడా స్మాష్‌కు నొక్కుకుపోయి తేరుకోవడానికి కాస్త ఆలస్యమవుతుంది; ఆ కాసేపూ గాలికి తక్కువ అడ్డుపడి చదునుగా దూసుకుపోతుంది. ఎండకు నైలాన్ మెత్తబడితే ఈ గుణం మరీ ఎక్కువ. చలికి బిరుసెక్కి పగులుతుంది. బ్యాక్‌కోర్టు నుంచి డ్రాప్ నేర్చుకునే పిల్లలకు నైలాన్ ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఖర్చు కాస్త ఎక్కువైనా.

సరైన స్పీడు దొరకనప్పుడు క్లబ్బుల్లో ఒక కిటుకు వాడతారు. ఈకల కొసలు కొన్ని బయటికి మడిస్తే కాక్ నెమ్మదిస్తుంది, లోపలికి మడిస్తే జోరందుకుంటుంది. పోటీల్లో మాత్రం ఆటగాడు ఆ పని చేస్తే తప్పు కింద లెక్క.